తల వంచగానే వెన్నులో కరెంటు

జవాబు పత్రాలు దిద్దుతూ ఆ టీచరమ్మ తల కాస్త కిందికి వంచింది. మెడ వెనక మొదలైన సన్నటి షాకొకటి వెన్ను పొడవునా జర్రున దిగి రెండు కాళ్లలోకి పాకింది. రెండు సెకన్లు కూడా లేదు. తల ఎత్తగానే మాయమైంది. మళ్లీ వంచి చూసింది, మళ్లీ కొట్టింది. నొప్పి అనడానికి లేదు, తిమ్మిరి అనడానికీ లేదు. తడి చేత్తో స్విచ్చి ముట్టుకున్నట్టుందని ఇంట్లో చెబితే, దిండు మార్చమన్నారు. స్టాఫ్ రూమ్‌లో చెబితే, స్పాండిలైటిస్ అయ్యుంటుందన్నారు.

ఈ టీచరమ్మ ఒక్క మనిషి కాదు. ఇదే కథతో నరాల డాక్టర్ల దగ్గరికి వచ్చేవారి అనుభవాలను కలిపి అల్లిన ఉదాహరణ. ఆమెకు 49 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా షుగర్, రోజూ మెట్‌ఫార్మిన్ మాత్ర. పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర. ఇంట్లో గుడ్డు కూడా వండరు. ఈ మూడు సంగతులూ ఆమె వెన్నులో కొట్టిన షాకుతో ముడిపడి ఉన్నాయని అప్పటికి ఎవరికీ తోచలేదు.

ఆ షాకుకు వైద్యంలో ఒక పేరుంది. దాన్ని లెర్మిట్ లక్షణం అంటారు. ఫ్రాన్సుకు చెందిన నరాల వైద్యుడు జాన్ లెర్మిట్ పేరు మీద వచ్చిందది. నిజానికి మొదట చూసింది ఆయన కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో తలకు దెబ్బలు తగిలిన సైనికుల్లో కొందరు తల వంచితే ఒళ్లంతా కరెంటు కొడుతోందని చెప్పడాన్ని పియేర్ మరీ, షాత్లాన్ అనే వైద్యులు 1917లోనే రాసిపెట్టారు. మరుసటి ఏడాది బాబిన్‌స్కీ, ద్యుబ్వా మరో రోగిలో ఇదే చూశారు. లెర్మిట్ చేసిన పని ఏమిటంటే, 1924లో తన సహచరులతో కలిసి దీన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బుతో ముడిపెట్టి, ఆ జబ్బు తొలిదశలోనే ఈ షాకు కనిపించవచ్చని చెప్పడం. రోగి మాటల్లో తప్ప బయటికి కనిపించని ఈ చిన్న విషయం నూరేళ్లుగా డాక్టర్లకు దారి చూపిస్తోంది.

దారి చూపిస్తుంది అనడంలో ఒక మెలిక ఉంది. ఈ షాకు జబ్బు పేరు చెప్పదు, జబ్బు ఉన్న చోటు చెబుతుంది. ఆ చోటు మెడ ఎముకల లోపలి వెన్నుపాము, అందులోనూ దాని వెనక భాగం.

వెన్నుపాము చిటికెన వేలంత మందంతో, సుమారు 45 సెంటీమీటర్ల పొడవుతో మెదడు అడుగు నుంచి నడుము పైభాగం దాకా దిగుతుంది. దాని వెనక భాగంలో నిలువునా సాగే నరాల పోగులు కాళ్ల నుంచి, చేతుల నుంచి కబుర్లు మోసుకుని పైకి వెళతాయి. కాలి వేలు ఏ భంగిమలో ఉంది, నేల అదురుతోందా, ఒంటికి తాకింది ఏమిటి అన్న కబుర్లవి. ప్రతి పోగు చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర చుట్టుకుని ఉంటుంది. అది ఉన్నంతకాలం కబురు దారి తప్పదు. ఆ పొర ఊడిపోయిందనుకోండి, నగ్నంగా మిగిలిన పోగు చిన్న సాగుడుకు కూడా ఉలిక్కిపడి, ఎవరూ పంపని కబురును తానే పుట్టిస్తుంది.

తల వంచితే జరిగేది సరిగ్గా ఆ సాగుడే. మెడ వెనక చర్మం సాగడం మనకు తెలుస్తూనే ఉంటుంది. లోపల వెన్నుపాము కూడా అలాగే సాగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకు వందసార్లు సాగినా తెలియదు. మైలిన్ ఊడిన పోగులున్న మనిషికి మాత్రం ఒక్కసారిగా వేల పోగులు కేక పెట్టినట్టవుతుంది. ఆ పోగులు మోసేది కాళ్ల కబుర్లు కాబట్టి, దెబ్బ మెడలో ఉన్నా షాకు కాళ్లలో కొట్టినట్టు మెదడు అర్థం చేసుకుంటుంది. అందుకే కాలికి ఎక్స్‌రే తీయించినా, నడుముకు తీయించినా ఏమీ దొరకదు.

మెడ నొప్పులన్నీ ఇలాంటివి కావు. ఆ తేడా తెలియడం ముఖ్యం. దిండు తేడా వల్లో, ఫోను చూస్తూ గంటలు గడపడం వల్లో వచ్చే నొప్పి మెడ కండరాల్లోనే ఉంటుంది, నొక్కితే పెరుగుతుంది, రోజంతా సలుపుతుంది. మెడలో డిస్కు జారి ఒక నరం మొదలును నొక్కితే నొప్పి ఒక చేతిలోకి, ఒకటి రెండు వేళ్లలోకి గీత గీసినట్టు దిగుతుంది. లెర్మిట్ షాకు మాత్రం వెన్ను మధ్యలో దిగుతుంది, సాధారణంగా రెండు కాళ్లలోకీ, ఒక్కోసారి చేతుల్లోకీ వెళుతుంది, వంచిన క్షణంలో వచ్చి క్షణంలో పోతుంది. వెంటవెంటనే నాలుగైదుసార్లు వంచితే కొందరిలో బలం తగ్గుతుంది కూడా. అలా తగ్గిందని నయమైపోయిందనుకుంటే పొరపాటే.

ఈ చోటును దెబ్బతీసే జబ్బుల్లో పుస్తకాలు మొదట చెప్పేది మల్టిపుల్ స్క్లెరోసిస్. శరీర రక్షణ వ్యవస్థే మైలిన్ మీద దాడి చేసే జబ్బు ఇది. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య, ఆడవాళ్లలో ఎక్కువ. ఉత్తర ఐరోపాతో పోలిస్తే మన దేశంలో తక్కువ, కానీ లేదనుకోవడానికి లేదు. ఈ జబ్బున్నవారిలో దాదాపు మూడో వంతు మంది ఎప్పుడో ఒకప్పుడు ఈ షాకును అనుభవిస్తారు. పాతికేళ్ల అమ్మాయి తల వంచితే షాకు కొడుతోందని చెప్పినప్పుడు డాక్టరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. గతంలో ఎప్పుడైనా ఒక కన్ను కొన్నాళ్లపాటు మసకబారి, కన్ను కదిపితే నొప్పెట్టి, ఆ తర్వాత దానంతట అదే సర్దుకుందా? వేడి నీళ్ల స్నానం చేశాకో, మండుటెండలో తిరిగాకో ఒంట్లో పట్టు తప్పినట్టవుతోందా? రెండింటికీ అవునంటే ఎమ్మారై తీయించడం ఆలస్యం చేయకూడదు. దీనికి దగ్గరి చుట్టంలాంటి ఎన్‌ఎంఓ అనే మరో జబ్బు ఆసియా వాళ్లలో పాశ్చాత్యులకన్నా ఎక్కువ వాటా తీసుకుంటుంది. అందులోనూ ఇదే షాకు ఉంటుంది. రెంటికీ మందులు వేరు కాబట్టి వాటిని వేరుచేసి చూసే రక్తపరీక్ష చేస్తారు.

యాభై దాటినవారిలో లెక్క మారుతుంది. మెడ డిస్కులు అరిగి, ఎముక అంచులు పెరిగి, వెన్నుపామును నొక్కడం ఈ వయసులో సాధారణం. జనం స్పాండిలైటిస్ అనేది ఎక్కువగా దీన్నే. మెడ నొప్పి వరకే ఉంటే భయం లేదు. కానీ వెన్నుపాము నొక్కుకుంటే చొక్కా గుండీలు పెట్టుకోవడం, అన్నం కలపడం, సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతుంది. నడుస్తుంటే కాళ్లు బిగుసుకుపోయినట్టుంటాయి. ఇలాంటి వారిలో కొందరికి తల వెనక్కి వాల్చినా షాకు కొడుతుంది. ఈ దశలో మెడ విరిపించుకోవడం ప్రమాదం. సెలూన్‌లో క్షవరం అయ్యాక తల పట్టుకుని చటుక్కున తిప్పే అలవాటు మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. వంచితే షాకు కొట్టే మెడను ఎవరి చేతికీ అప్పగించకూడదు. మసాజ్‌కైనా, మెడ లాగే ట్రాక్షన్‌కైనా డాక్టరు చూసి సరేననే దాకా ఆగాలి. వెన్నుపాము బాగా నొక్కుకుపోతే ఆపరేషన్ చేసి ఆ ఒత్తిడి తీసేస్తారు. అక్కడ ప్రధాన ఉద్దేశం జబ్బు ముదరకుండా ఆపడం. పోయిన బలం అంతా తిరిగి వస్తుందని హామీ ఉండదు కాబట్టి ముందుగా వెళ్లినవారికే లాభం.

గొంతుకు, ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవారిలో చికిత్స ముగిసిన కొన్ని నెలలకు ఈ షాకు మొదలవడం డాక్టర్లకు తెలిసిన విషయమే. ఎక్కువమందిలో అది కొన్ని నెలల్లో తనంతట తానే పోతుంది. సిస్‌ప్లాటిన్ వంటి కీమో మందుల తర్వాత కూడా రావచ్చు. ఏళ్ల తరబడి కీళ్లవాతం ఉన్నవారిలో మెడలోని మొదటి రెండు ఎముకల మధ్య పట్టు సడలి వెన్నుపాము నలగవచ్చు. వారు ఈ షాకును తేలిగ్గా తీసుకోకూడదు.

టీచరమ్మ కథ వీటిలో ఏదీ కాదు.

షాకు మొదలవడానికి ఐదారు నెలల ముందు నుంచే ఆమెకు కాలివేళ్లలో చీమలు పాకినట్టు ఉండేది. షుగరుంది కదా, షుగరు నరాలే అని అందరూ తేల్చేశారు. అది అన్యాయమైన అనుమానం కూడా కాదు, షుగరులో కాలి నరాలు దెబ్బతినడం అందరికీ తెలిసిందే. కానీ షుగరు దెబ్బతీసేది కాళ్లలోకి దిగే నరాలను. వాటి వల్ల మెడ వంచితే షాకు కొట్టదు. ఆ ఒక్క తేడాతోనే అనుమానం కాళ్ల నుంచి వెన్నుపాముకు మారాలి.

చివరికి ఆమె వెళ్లిన డాక్టరు ఎమ్మారై కాగితం రాసే ముందు పరీక్షకు కూర్చున్నారు. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి కాలి బొటనవేలి మీద పెడితే అదురు తెలియలేదు, చీలమండ మీద కూడా తెలియలేదు, మోకాలి చిప్ప మీద పెడితే తెలిసింది. కాళ్లు దగ్గరగా పెట్టి నిలబడి కళ్లు మూసుకోమంటే ఊగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, పొద్దున్నే సింకు దగ్గర కళ్లు మూసుకుని మొహం కడుగుతుంటే తూలుతున్నట్టవుతోందని, గోడ పట్టుకుంటున్నానని. ఎవరికీ చెప్పలేదు, వయసు అనుకుంది. ఆ తర్వాత అరికాలి అంచును గీస్తే బొటనవేలు కిందికి ముడుచుకోకుండా పైకి లేచింది. లెర్మిట్ కన్నా ముందే ఈ షాకును గమనించిన బాబిన్‌స్కీ ఉన్నాడు కదా, ఆయనే 1896లో చెప్పిన గుర్తు ఇది. పెద్దవాళ్లలో బొటనవేలు పైకి లేచిందంటే మెదడులోనో వెన్నుపాములోనో దెబ్బ ఉన్నట్టు. షుగరు నరాలు ఈ పని చేయవు.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 12.4. రక్తహీనత లేదు. అంతకుముందు చూసినవారు ఇక్కడే ఆగిపోయి ఉంటారు. కానీ బీ12 విటమిన్ 118 పికోగ్రాములు మాత్రమే. 200 కన్నా తగ్గితే కొరతగా లెక్క, 200 నుంచి 300 మధ్య ఉంటే సందేహం. మెడ ఎమ్మారైలో వెన్నుపాము వెనక భాగం తెల్లగా మెరిసింది. అడ్డంగా కోసి చూపే బొమ్మలో ఆ మెరుపు తలకిందులు చేసిన ఇంగ్లిష్ ‘వి’ అక్షరంలా ఉంటుంది. బీ12 కొరతకు అది బాగా తెలిసిన ముద్ర.

మైలిన్ పొర నిలబడటానికి బీ12 కావాలి. మనిషికి రోజుకు కావలసింది రెండు, రెండున్నర మైక్రోగ్రాములే. అయితే అది చెట్టు చేమల్లో దొరకదు. మాంసం, చేప, గుడ్డు, పాలు, పెరుగుల్లోనే ఉంటుంది. శాకాహారికి పాలూ పెరుగే దిక్కు. మన టీచరమ్మ కాఫీలో పాలు తప్ప మిగతావి షుగరని, కొవ్వని తగ్గించేసింది. ఉన్న కాస్తా ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఆహారం నుంచి బీ12ను విడదీయాలి. ఆ ఆమ్లాన్ని అణిచేదే గ్యాస్ మాత్ర. విడిపోయిన బీ12ను చిన్నపేగు చివరి భాగం పీల్చుకోవాలి. ఏళ్ల తరబడి వాడే మెట్‌ఫార్మిన్ ఆ పీల్చుకోవడాన్ని తగ్గిస్తుంది. తిండి, గ్యాస్ మాత్ర, షుగరు మాత్ర మూడూ ఒకే చోట కలిశాయి. కాలేయంలో ఉండే నిల్వ కొన్నేళ్లపాటు ఆదుకుంటుంది కాబట్టి ఇదంతా ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా జరిగింది. దీని అర్థం మెట్‌ఫార్మిన్ మానేయమని కాదు. మంచి మందది. ఏడాదికోసారి బీ12 చూపించుకుంటూ వాడుకోవాలి, అంతే.

మరి రక్తహీనత ఎందుకు రాలేదు? ఇక్కడ తెలుగువారికి దగ్గరి చరిత్ర ఒకటుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులను స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది మందైంది, ఎందరో బతికారు. దానితోనే పెర్నీషియస్ అనీమియా అనే మరో రక్తహీనత కూడా తగ్గుతోందని డాక్టర్లు సంతోషించారు. రక్తం బాగుపడింది. కానీ నరాలు బాగుపడలేదు, కొందరిలో ఇంకా పాడయ్యాయి. ఆ జబ్బుకు అసలు కారణం బీ12 కొరత. ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని నిలబెట్టగలదు గానీ మైలిన్‌ను కాపాడలేదు. బీ12ను విడిగా పట్టుకున్నది 1948లో, అమెరికాలో ఒక బృందం, ఇంగ్లండ్‌లో మరొకటి. సుబ్బారావు కన్నుమూసిందీ ఆ ఏడాదే.

టీచరమ్మ నీరసమని మందుల షాపులో కొని ఏడాదిగా మింగుతున్న ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ ఉంది. బీ12 లేదు. రక్తం మామూలుగా కనిపించింది, వెన్నుపాము లోపల చెడిపోతూ వచ్చింది. హిమోగ్లోబిన్ బాగుంది కాబట్టి బీ12 బాగుంటుందనుకోవడం తప్పు అని చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు.

ఆమెకు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నరాలు దెబ్బతిన్నప్పుడు వాడే పద్ధతుల్లో ఒకటి 1000 మైక్రోగ్రాముల చొప్పున మొదటి వారం రోజూ, తర్వాత నెలపాటు వారానికొకటి, ఆపైన నెలకొకటి. మొదట తగ్గింది షాకే, కొన్ని వారాల్లో. కాలివేళ్ల తిమ్మిరి నెమ్మదిగా వెనక్కి జరిగింది. సింకు దగ్గర తూలు తగ్గడానికి నాలుగు నెలలు పట్టింది. బొటనవేళ్ల కొనల్లో మొద్దుబారడం మాత్రం కాస్త మిగిలిపోయింది. కోలుకోవడంలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లోనే జరుగుతుంది. ఎంత తిరిగి వస్తుందన్నది చికిత్స మొదలయ్యేనాటికి జబ్బు ఎన్ని నెలలు పాతబడిందన్న దాని మీద ఆధారపడుతుంది. నడవలేని స్థితిలో వచ్చినవారు పూర్తిగా మామూలు కావడం అరుదు.

ఇదే కొరత మరో దారిలోనూ రావచ్చు. మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్, అదే లాఫింగ్ గ్యాస్, ఒంట్లోని బీ12ను పనికిరాకుండా చేస్తుంది. అమెరికాలో రాబర్ట్ లేజర్ అనే నరాల వైద్యుడు 1978లో ఇలా వెన్నుపాము దెబ్బతిన్న 15 మంది వివరాలు ప్రచురిస్తే, వారిలో 14 మంది దంతవైద్యులే. ఈ రోజుల్లో ఆ గ్యాసును సరదాకు పీల్చే యువత మీద కూడా నరాల డాక్టర్లు ఓ కన్నేసి ఉంచుతున్నారు. బీ12 ముందే తక్కువగా ఉన్న మనిషికి ఆపరేషన్‌లో ఈ గ్యాసు ఇస్తే కొన్ని రోజుల్లోనో వారాల్లోనో నడక తడబడవచ్చు. అందుకే పూర్తి శాకాహారులు, కడుపు ఆపరేషన్ జరిగినవారు ఆ సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పడం మేలు.

తల వంచితే షాకు కొట్టిన ప్రతివారూ పరుగులు పెట్టాలా? షాకు ఒక్కటే ఉండి, నడక, చేతులు, మూత్రం అన్నీ మామూలుగా ఉంటే అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లనక్కర్లేదు. కానీ వారం పది రోజుల్లో నరాల డాక్టరుకు చూపించాలి, నెలలు వేచి చూడకూడదు. ప్రమాదంలో మెడకు దెబ్బ తగిలాక షాకు మొదలైనా, కాళ్లూ చేతుల్లో బలం తగ్గుతున్నా, మూత్రం బిగబట్టినా అదుపు తప్పినా, జ్వరంతో పాటు మెడ నొప్పి ఉన్నా ఆ రోజే వెళ్లాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మాటలు సరిగ్గా చెప్పడం సగం పని. మెడ నొప్పి అంటే ఒక దారిలో వెళుతుంది వైద్యం. తల ముందుకు వంచితే కరెంటు కొట్టినట్టు వెన్నులోంచి కాళ్లలోకి దిగుతోంది అంటే ఇంకో దారిలో వెళుతుంది. ఈ రెండో వాక్యం ఎన్ని మాటలైనా సరే, అలాగే చెప్పండి. ఏ మందులు ఎన్నేళ్లుగా వాడుతున్నారో, గ్యాస్ మాత్రతో సహా, చీటీ మీద రాసుకుని వెళ్లండి.

ఇంకొక్క మాట. కాళ్లు తిమ్మిరంటే మందుల షాపులోనే బలం ఇంజెక్షన్ అని బీ12 పొడిపించుకోవడం మన దగ్గర మామూలు. ఒక్క సూది పడ్డాక రక్తంలో బీ12 అమాంతం పెరిగి కనిపిస్తుంది, కొరత ఉన్న మనిషికి కూడా కాగితం మీద అంతా బాగున్నట్టే వస్తుంది. ఆ కాగితం చూసి డాక్టరు వేరే జబ్బు కోసం వెతుకుతారు. ఆ పరీక్షకు అయ్యేది కొన్ని వందల రూపాయలు. కాబట్టి ముందు పరీక్షకు రక్తం ఇవ్వండి, సూది ఆ తర్వాతే.